స్వర్ణ చేలో ఆకులు ఎండుతున్నాయి: ఇది ఫంగసా, బాక్టీరియావా, వైరసా?

పల్లపుచేను, నరసన్నపేట | సెప్టెంబరు 18, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది వంశధార కాలువ కింద పల్లపు భూమి. స్వర్ణ రకం వరి వేశాం. ఉడుపులై నెలన్నర దాటింది. మొన్నటి అల్పపీడనం వానకీ గాలికీ చేను ఒకటే ఊగిపోయింది. అది తెరిపి ఇచ్చాక చూస్తే ఆకుల కొసలు ఎండుతున్నాయి. షాపులో చెబితే అగ్గితెగులు అన్నారు, ట్రైసైక్లజోల్ పొడి ఇచ్చారు. లీటరుకి 0.6 గ్రాముల చొప్పున ఎకరాకి 200 లీటర్ల నీళ్లు పట్టించి కొట్టించాం. ఏమీ తగ్గలేదు సరికదా, పక్క మడికి కూడా పాకింది. ఇప్పుడు డోసు రెట్టింపు చేయమంటున్నారు.

మా పెదనాన్న చూసి, "ఇది వైరసురా, మందు లేదు, వదిలేయ్" అన్నారు. మా చెల్లి బీఎస్సీ చదువుతోంది, అది బాక్టీరియా అంటోంది. ఒక్క చేనుకి మూడు పేర్లు. ఈ మూడింటికీ అసలు తేడా ఏమిటి? గట్టు మీద నిలబడి పోల్చుకోవడం ఎలా? మళ్లీ మందు కొనేముందు తెలుసుకోవాలని అడుగుతున్నాను.

గట్టుమీద నాయుడు, చీపురుపల్లి | సెప్టెంబరు 18, రాత్రి 9:42

తమ్ముడూ, ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. మూడూ కంటికి కనబడని క్రిములే. వైరస్ అన్నింటికంటే చిన్నది, బాక్టీరియా దానికంటే పెద్దది, ఫంగస్ ఇంకా పెద్దది. వైరస్‌కి మందు లేదు, మిగతా రెంటికీ ఉంది. యాంటీబయోటిక్ పొడి, రాగి మందు, ఈ ట్రైసైక్లజోల్ మూడూ ఒకే ట్యాంకులో కలిపి కొట్టు. ఏది ఉంటే అది చస్తుంది. నేను ఏటా అలాగే కొడతాను. యూరియా ఎక్కువ వేస్తే ఈ తెగుళ్లు ముదురుతాయి, అది మాత్రం గుర్తుపెట్టుకో.

టీచరమ్మ, బొబ్బిలి | సెప్టెంబరు 18, రాత్రి 10:05

నేనూ ఇదే అడగాలనుకుంటున్నాను. మా అబ్బాయికి నడుము దగ్గర గుండ్రంగా తామర వచ్చింది. మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన వారంలో దురద పోయింది, మానేశాక రెట్టింపు అయింది. దాని మీద ఫంగస్, బాక్టీరియా రెండింటికీ పనిచేస్తుందని రాసి ఉంది. మరి ఎందుకు తగ్గలేదు? ఇది వైరస్ అయి ఉంటుందా?

నైర పాతబ్యాచ్, శ్రీకాకుళం | సెప్టెంబరు 18, రాత్రి 10:50

పల్లపుచేను గారూ, మందు సంగతి పక్కన పెట్టి ముందు ఆకు సంగతి చెప్పండి. నేను నైర వ్యవసాయ కళాశాలలో చదివాను, తెగుళ్ల విభాగంలోనే పనిచేస్తున్నాను. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు చేలోకి వెళ్లి మూడు విషయాలు చూడండి. ఆకు మధ్యలో విడివిడి మచ్చలు ఉన్నాయా, లేక కొస నుంచి అంచు వెంబడి ఒకే చారగా ఎండుతోందా? ఆ ఎండిన అంచు మీద పసుపుపచ్చని చిన్న పూసల్లాంటివి అంటుకుని ఉన్నాయా? దుబ్బులు ఎత్తు తగ్గి గిడసబారాయా, లేక ఎత్తు బాగానే ఉండి ఆకు మాత్రమే ఎండుతోందా?

నాయుడు గారూ, యూరియా గురించి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మూడూ కలిపి కొట్టమన్నది మాత్రం ఒప్పుకోను. రేపు వివరంగా రాస్తాను.

టీచరమ్మ గారూ, తామర ఫంగసే. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ ట్యూబులో స్టెరాయిడ్ కూడా కలిసి ఉండాలి. స్టెరాయిడ్ ఎర్రదనాన్నీ దురదనూ అణుస్తుంది, దాంతో పాటు అక్కడి చర్మం ఫంగస్‌తో చేసే పోరాటాన్ని కూడా అణుస్తుంది. పైకి తగ్గినట్టు కనబడుతూ లోపల పాకుతుంది. అది మానేసి చర్మ డాక్టరుకి చూపించండి, ట్యూబు కూడా వెంట తీసుకెళ్లండి.

పల్లపుచేను, నరసన్నపేట | సెప్టెంబరు 19, ఉదయం 7:30

వెళ్లి చూశాను మేడమ్. మచ్చలు లేవు. కొస దగ్గర మొదలై రెండు అంచుల వెంట కిందికి దిగుతోంది. ఎండిన భాగానికీ పచ్చని భాగానికీ మధ్య గీత నేరుగా లేదు, అలలా వంకరగా ఉంది. పసుపు పూసలు ఉన్నాయి, కొన్ని ఆకుల మీద మాత్రమే. గోరుతో గీకితే ఊడి వచ్చాయి. ఎత్తు బాగానే ఉంది.

కానీ మదుము దగ్గర నాలుగైదు సెంట్ల మేర వేరేగా ఉంది. అక్కడ దుబ్బులు పొట్టిగా ఉన్నాయి, ఆకు నారింజ రంగు కలిసిన పసుపులోకి తిరిగింది. పూసలు లేవు. రెండూ ఒకటేనా?

నైర పాతబ్యాచ్, శ్రీకాకుళం | సెప్టెంబరు 19, ఉదయం 8:15

రెండూ ఒకటి కాకపోవచ్చు. మదుము దగ్గరిది విడిగా మాట్లాడుకుందాం.

పెద్ద భాగంలో ఉన్నది మీ చెల్లెలు చెప్పిందే అనిపిస్తోంది, బాక్టీరియా ఎండాకు తెగులు. నా మాట నమ్మనక్కర్లేదు, మీరే తేల్చుకోవచ్చు. సగం ఎండి సగం పచ్చగా ఉన్న ఆకు కోయండి. పూర్తిగా ఎండిపోయింది పనికిరాదు. పసుపూ పచ్చా కలిసే చోట చిన్న ముక్క కత్తిరించి, తేటగా ఉన్న నీళ్ల గాజు గ్లాసులో కోసిన అంచు మునిగేలా పెట్టండి. గ్లాసు వెనక నల్లటి గుడ్డ పెట్టి చూడండి. బాక్టీరియా అయితే కొన్ని నిమిషాల్లోనే కోసిన చోటు నుంచి మసకగా సన్నని ధార కిందికి దిగుతుంది, కాసేపటికి నీళ్లు మబ్బుగా మారతాయి. ఆ ధారంతా బాక్టీరియా కణాలే. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉంటుంది, విడిగా కనబడదు. కోట్లలో బయటికి వస్తే మబ్బులా కనబడుతుంది.

పక్కనే ఆరోగ్యంగా ఉన్న ఆకు ముక్కని ఇంకో గ్లాసులో పెట్టండి. పోల్చి చూడకపోతే నీళ్లలో దుమ్ము కూడా ధారలాగే అనిపిస్తుంది.

ఎరువుల కొట్టు, రాజాం | సెప్టెంబరు 19, ఉదయం 10:20

షాపులవాళ్లని అందరూ తిడతారు కాబట్టి ఒక మాట. రైతు వచ్చి "ఆకు ఎండుతోంది, మందివ్వు" అంటాడు. ఆకు తేడు, ఫోటో ఉండదు, ఎప్పుడు ఉడిచాడో అడిగితే విసుక్కుంటాడు. అగ్గితెగులు కూడా ముదిరితే ఆకు ఎండిపోయే కనబడుతుంది. నేనైతే ఆకు చూడకుండా ఇవ్వను, ఇలా చెప్పి బేరాలు పోగొట్టుకుంటున్నాను కూడా. డోసు రెట్టింపు చేయమనడం మాత్రం ఏ షాపువాడు చెప్పినా తప్పే.

పల్లపుచేను, నరసన్నపేట | సెప్టెంబరు 19, మధ్యాహ్నం 12:40

పెట్టి చూశాను. కొంతసేపు ఏమీ లేదు. ఆ తర్వాత పొగలాగా సన్నగా దిగింది. మా పెదనాన్న కూడా కళ్లద్దాలు పెట్టుకుని చూశారు. మంచి ఆకు పెట్టిన గ్లాసులో ఏమీ లేదు. మదుము దగ్గరి ఆకు మూడో గ్లాసులో పెట్టాను, అందులోనూ ఏమీ రాలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. ఇది బాక్టీరియా అయితే కొట్టిన మందు ఎందుకు పనిచేయలేదు? రెండూ క్రిములే కదా, ఒకదాన్ని చంపేది ఇంకోదాన్ని ఎందుకు చంపదు?

నైర పాతబ్యాచ్, శ్రీకాకుళం | సెప్టెంబరు 19, సాయంత్రం 6:30

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే తేడా అంతా ఇక్కడే ఉంది.

అగ్గితెగులు తెచ్చేది ఫంగస్. దాని బీజం గాలిలో ఎగిరి వచ్చి ఆకు మీద పడుతుంది. రాత్రి చలి, మంచు, మబ్బు కలిసి ఆకు గంటల తరబడి తడిగా ఉంటే మొలకెత్తుతుంది. సన్నని మొలక వేసి, దాని చివర ఒక గట్టి బుడిపె కట్టుకుంటుంది. ఆ బుడిపె గోడకి మెలనిన్ అనే నల్లటి పూత పూసుకుని, లోపలికి నీరు లాక్కుని ఒత్తిడి పెంచుతుంది. ఎంత ఒత్తిడి అంటే లారీ టైరులో ఉండేదానికి దాదాపు పది రెట్లు. ఆ బలంతో ఆకు పై పొరని గుచ్చుకుని లోపలికి దిగుతుంది. అంటే ఫంగస్ తన దారి తానే చేసుకుంటుంది. అందుకే మచ్చ ఆకు మీద ఎక్కడైనా రావచ్చు. నూలు కండె ఆకారంలో రెండు కొసలూ సన్నగా, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు ఉంటుంది.

ట్రైసైక్లజోల్ చేసే పని ఆ మెలనిన్ పూత తయారు కాకుండా ఆపడం. పూత లేకపోతే బుడిపెలో ఒత్తిడి నిలవదు, ఫంగస్ ఆకు మీదే ఆగిపోతుంది. మందు బలమంతా ఆ ఒక్క మెట్టు దగ్గరే. అప్పటికే లోపలికి దిగిన ఫంగస్ మీద కూడా అది పెద్దగా పనిచేయదు, అందుకే మచ్చలు మొదలవగానే కొట్టమంటాం.

బాక్టీరియా దగ్గర ఆ మెట్టే లేదు. దానికి బుడిపె కట్టడం, గుచ్చడం చేతకావు. తెరిచి ఉన్న దారి కావాలి. వరి ఆకు అంచుల్లో నీటిచుక్కలు బయటికి వచ్చే సన్నని రంధ్రాలుంటాయి. పొద్దున్నే ఆకు కొసన నిలబడే చుక్కలు అక్కడివే. ఆ రంధ్రాల గుండా, లేదా గాలికి ఆకులు ఒరుసుకుని పడిన గీతల గుండా లోపలికి వెళుతుంది. వెళ్లి నీరు మోసే నాళాల్లో చేరి అక్కడే పెరుగుతుంది. అందుకే కొస నుంచి అంచు వెంట చారగా దిగుతుంది, మచ్చలుగా రాదు. మీ చేలో గాలివాన తర్వాతే ఎందుకు కనబడిందో ఇప్పుడు తెలిసింది కదా. ఆపడానికి మెలనిన్ పూతే లేని జీవి మీద ట్రైసైక్లజోల్ రెట్టింపు పోసినా, పదింతలు పోసినా ఒకటే. డబ్బులు పోతాయి, మీరు పీల్చే మందు పెరుగుతుంది.

వైరస్ ఈ రెంటికీ దూరం. అది తనంతట తాను ఆకులోకి రాలేదు, తనంతట తాను పెరగనూ లేదు. వరికి వచ్చే తుంగ్రో అనే వైరస్ తెగులుని మోసేది పచ్చదీపపు పురుగు. అది జబ్బు దుబ్బు రసం పీల్చి, మంచి దుబ్బు మీద వాలి మళ్లీ పీల్చినప్పుడు వైరస్ నేరుగా కణం లోపలికి చేరుతుంది. అక్కడ మొక్క సొంత యంత్రాంగంతోనే తన నకళ్లు చేయించుకుంటుంది. మొక్కని చంపకుండా దాన్ని మాత్రమే చంపే మందు పొలానికి లేదు. మీ పెదనాన్న గారు "మందు లేదు" అన్నది వైరస్ విషయంలో నిజమే. అయితే మందు లేదంటే చేసేది ఏమీ లేదని కాదు, పురుగుని ఆపవచ్చు.

గట్టుమీద నాయుడు, చీపురుపల్లి | సెప్టెంబరు 19, రాత్రి 8:15

బాగుంది మేడమ్, కాదనను. కానీ ఒకటి అడుగుతాను. కాసుగామైసిన్ అని అగ్గితెగులుకి కొడతాం కదా, లీటరుకి రెండున్నర మిల్లీలీటర్లు. అది యాంటీబయోటిక్ అని నాకు తెలుసు. యాంటీబయోటిక్ ఫంగస్ మీద పనిచేస్తున్నప్పుడు బాక్టీరియా మందు, ఫంగస్ మందు అని గీత గీయడం ఎందుకు?

నైర పాతబ్యాచ్, శ్రీకాకుళం | సెప్టెంబరు 19, రాత్రి 9:00

మంచి ప్రశ్న. కాసుగామైసిన్ జపాన్‌లో మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది, అగ్గితెగులు కోసమే పేరు తెచ్చుకుంది. అది కణంలో ప్రొటీన్లు తయారయ్యే చోట అడ్డం పడుతుంది. అగ్గితెగులు ఫంగస్‌కి ఆ దెబ్బ తగులుతుంది, కొన్ని బాక్టీరియాకీ తగులుతుంది. పొడ తెగులు కూడా ఫంగసే, కానీ దానికి వాడే మందులు వేరు. కాబట్టి గీత "ఫంగస్ అంతా ఒక పక్క, బాక్టీరియా అంతా ఇంకో పక్క" అని తిన్నగా ఉండదు. ఏ మందు ఏ జీవిలో ఏ పనిని ఆపుతుందో అదే చూడాలి. అన్నీ ఒక ట్యాంకులో కలిపితే ఆ చూడటమే ఎగిరిపోతుంది. తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు, తగ్గకపోతే దేన్ని మార్చాలో తెలియదు. ఇక వైరస్ విషయంలో గీత గట్టిగానే ఉంది, ఈ మందుల్లో ఏదీ దాన్ని తాకదు.

ల్యాబు టెక్నీషియన్, విజయనగరం | సెప్టెంబరు 19, రాత్రి 9:35

నేను మనుషుల ల్యాబులో పనిచేస్తాను, పొలం సంగతి తెలియదు. నాయుడు గారు రాసిన యాంటీబయోటిక్ పొడి స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిందే అయితే నాకు బాధగా ఉంది. స్ట్రెప్టోమైసిన్ టీబీకి వాడే మందు. చేలో కొట్టినది మట్టిలోకీ గెడ్డల్లోకీ పోతుంది. అక్కడ బతికి బట్టకట్టే బాక్టీరియా ఆ మందుకి లొంగనివే అవుతాయి. ఆ లొంగని గుణాన్ని బాక్టీరియా ఒకదాని నుంచి ఇంకోదానికి ఇచ్చుకుంటాయి కూడా. పంటలకి ఈ రెంటి వాడకాన్ని ఆపాలని 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. దయచేసి అలవాటుగా ట్యాంకులో వేయకండి.

గట్టుమీద నాయుడు, చీపురుపల్లి | సెప్టెంబరు 19, రాత్రి 9:50

బాబూ, నువ్వు చెప్పేది సరే. చేను కళ్ల ముందు ఎండిపోతుంటే రైతు చేతిలో ఇంకేం ఉంటుంది? ఇది వద్దు, అది వద్దు అంటే ఏది వాడాలో కూడా చెప్పాలి.

నైర పాతబ్యాచ్, శ్రీకాకుళం | సెప్టెంబరు 20, ఉదయం 6:40

నాయుడు గారి కష్టం నిజమైనదే. ఎండాకు తెగులుకి అగ్గితెగులు మందులంత బాగా పనిచేసే మందు మన దగ్గర లేదు. బాక్టీరియా నాళాల్లో కూర్చున్నాక పైన కొట్టింది అక్కడికి చాలినంత చేరదు. కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటి రాగి మందు ఆకు పైన ఉన్న బాక్టీరియాని చంపి, కొత్త ఆకులకి పాకకుండా కొంత ఆపుతుంది. ఎండిన ఆకు మళ్లీ పచ్చబడదు. ఇది ముందే తెలిస్తే మందు కొట్టాక ఆకు చూసి నిరాశపడే పని ఉండదు. చూడాల్సింది కొత్తగా వచ్చే ఆకుల్ని.

మందు కంటే నీళ్లూ ఎరువూ ఎక్కువ పనిచేస్తాయి. పల్లపుచేను గారూ, మీ మడిలో నిలిచిన నీళ్లు తీసేసి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఆ నీళ్లని కింది మడిలోకి వదలకండి, నేరుగా మురుగు కాలువలోకి మళ్లించండి. మడి నుంచి మడికి నీరు పారే చోట ఈ బాక్టీరియా నీటి వెంటే ప్రయాణం చేస్తుంది. మీ పక్క మడికి పాకడానికి అది కూడా కారణం అయి ఉండొచ్చు. ఆకులు తడిగా ఉన్నప్పుడు చేలో తిరగకండి, బట్టలకీ చేతులకీ అంటుకుని ఇంకో మడికి చేరుతుంది. తెగులు ఆగేదాకా యూరియా వేయకండి.

పాతకాపు, ఆమదాలవలస | సెప్టెంబరు 20, ఉదయం 9:10

అమ్మా, మీరు చదువుకున్నవారు. నాదొక మాట. స్వర్ణకి ఇప్పుడు చిరుపొట్ట దశ రాబోతోంది. ఈ సమయంలో యూరియా పడకపోతే కంకి పొట్టిదైపోతుంది. 2018లో తిత్లీ తుఫాను తర్వాత మా వైపు కూడా ఇలాగే ఆకు ఎండింది. ఆపినవాడికి గింజ తగ్గింది, వేసినవాడికి తెగులు పెరిగింది. ఎవరు నష్టపోయారో నేటికీ మా ఊళ్లో తేలలేదు.

నైర పాతబ్యాచ్, శ్రీకాకుళం | సెప్టెంబరు 20, ఉదయం 11:30

పెద్దాయనా, మీ మాట తీసెయ్యలేను. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తగా, గుబురుగా పెరిగి బాక్టీరియాకి అనుకూలమవుతుంది. తక్కువైతే కంకి దెబ్బతింటుంది. నేనైతే కొత్త ఆకుల మీద చారలు ఆగాయో లేదో చూసుకుని, ఆగితేనే వేయాల్సిన యూరియాని రెండు విడతలుగా తగ్గించి వేస్తాను, పొటాష్ కలిపి. చారలు ఇంకా పాకుతుంటే ఆగుతాను. కంకి పక్కన ఉండే చివరి ఆకు గింజకి తిండి పెట్టేది. అది ఎండిపోతే యూరియా వేసి కూడా ఫలితం ఉండదు. ఒక్కో చేనుకి ఒక్కోలా తేలుతుంది, అందరికీ ఒకే మాట చెప్పలేను.

పల్లపుచేను, నరసన్నపేట | సెప్టెంబరు 20, సాయంత్రం 5:45

నీళ్లు తీసేశాం. మా పెదనాన్న కూడా తన మడి గండి కట్టేశారు. ఇక మదుము దగ్గరి పొట్టి దుబ్బుల సంగతి చెప్పండి. అది వైరసేనా?

ఎరువుల కొట్టు, రాజాం | సెప్టెంబరు 20, సాయంత్రం 6:20

అది జింకు లోపం తమ్ముడూ. పల్లపు భూముల్లో నీళ్లు నిలిచే చోట వస్తుంది. జింక్ సల్ఫేట్ లీటరుకి 2 గ్రాములు కొట్టు, తేరుకుంటుంది.

నైర పాతబ్యాచ్, శ్రీకాకుళం | సెప్టెంబరు 20, రాత్రి 8:40

జింకు లోపం కావొచ్చు, తుంగ్రో కావొచ్చు. ఫోటో పంపినా నేను ఖాయంగా చెప్పను, ఎందుకంటే వైరస్ దగ్గర కంటిచూపు చాలా మోసం చేస్తుంది. బాక్టీరియాకి గ్లాసు పరీక్ష ఉంది. ఫంగస్‌కి కూడా ఇంట్లో చేసుకునే పరీక్ష ఉంది: మచ్చ ఉన్న ఆకుని తడి కాగితం పరిచిన మూత డబ్బాలో ఒకటి రెండు రోజులు ఉంచితే మచ్చ మీద బూడిద రంగు నూగు లేస్తుంది, భూతద్దంతో కనబడుతుంది. వైరస్ అలా బయటికి రాదు, నూగు పెట్టదు, ధార కట్టదు. మామూలు సూక్ష్మదర్శినిలో కూడా కనబడదు. దాని పనిని మాత్రమే మనం చూస్తాం.

అందుకే చుట్టుపక్కల సాక్ష్యం వెతకాలి. జింకు లోపం సాధారణంగా ఉడిచిన రెండు నుంచి నాలుగు వారాల్లో మొదలవుతుంది, ముదురాకుల మీద తుప్పు రంగు చుక్కలు వస్తాయి. తుంగ్రోలో దుబ్బు గిడసబారుతుంది, పిలకలు తగ్గుతాయి, ఆకు కొస నుంచి నారింజ పసుపులోకి తిరుగుతుంది. చేలో అక్కడక్కడ గుంపులుగా కనబడుతుంది, పురుగు వాలిన చోటల్లా. ఆ దుబ్బుల్ని చేత్తో తట్టి చూడండి. చిన్న పచ్చటి పురుగులు, రెక్కల మీద నల్ల చుక్కలతో, పక్కలకి గెంతుతున్నాయా?

అయోడిన్ పరీక్ష ఒకటి ఉంది. తుంగ్రో ఉన్న ఆకులో పిండిపదార్థం బయటికి పోక నిల్వ ఉండిపోతుంది. తెల్లవారకముందు కోసిన ఆకు పైభాగాన్ని అయోడిన్ ద్రావణంలో ఉంచితే నల్లనీలం చారలు వస్తాయి. వేరే కారణాలకీ ఇలా రావొచ్చు కాబట్టి దాన్ని అనుమానం పెంచడానికే వాడతాం, తీర్పు చెప్పడానికి కాదు. తీర్పు ల్యాబులో జన్యు పరీక్షతోనే. వేర్లతో సహా రెండు దుబ్బులు తీసి, తడి గుడ్డ చుట్టి, రాగోలు పరిశోధనా స్థానానికో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికో తీసుకెళ్లండి. మీ రైతు సేవా కేంద్రంలో కూడా చెప్పండి.

తుంగ్రోలో ఇంకో విచిత్రం ఉంది. అందులో ఉన్నది ఒక వైరస్ కాదు, రెండు. ఒకటి జబ్బు లక్షణాలు తెస్తుంది, కానీ పురుగు దాన్ని ఒంటరిగా మోయలేదు. రెండోది తనంతట తాను మొక్కకి పెద్దగా హాని చేయదు, మొదటిదాన్ని పురుగు మోసేలా చేస్తుంది. పురుగులో ఆ వైరస్ కొద్ది రోజులే నిలుస్తుంది, దాని పిల్లలకి సంక్రమించదు. అందుకే జబ్బు దుబ్బుల్ని వెంటనే పీకి పూడ్చేస్తే పురుగుకి మళ్లీ తెచ్చుకునే చోటు తగ్గుతుంది.

టీచరమ్మ, బొబ్బిలి | సెప్టెంబరు 20, రాత్రి 9:15

డాక్టరు గారికి చూపించాం మేడమ్, స్టెరాయిడ్ ఉన్న ట్యూబే అన్నారు. కొత్త మందు చాలా వారాలు వాడమన్నారు, మచ్చ పోయాక కూడా. మా బడి పిల్లలకి ఈ గ్లాసు పరీక్ష చూపించవచ్చా? ఆ బాక్టీరియా పిల్లలకి సోకదు కదా?

నైర పాతబ్యాచ్, శ్రీకాకుళం | సెప్టెంబరు 20, రాత్రి 9:40

మనుషులకి ఆ బాక్టీరియా జబ్బు తెచ్చేది కాదు. చూపించండి. అయిపోయాక ఆ నీళ్లు వేడిచేసి పారబోయండి, వరి మడి వైపు మాత్రం పోయకండి. పిల్లలకి ఇంకో సంగతి చెప్పండి: ఆ బాక్టీరియాకి కూడా వైరస్ సోకుతుంది. ఎండాకు తెగులు ఉన్న చేలో నీళ్లలో ఆ బాక్టీరియాని తినే వైరస్‌లు పెరుగుతాయి. జపాన్‌లో కాలువ నీళ్లలో ఆ వైరస్‌ల లెక్క చూసి తెగులు వస్తుందో రాదో ముందే అంచనా వేసేవారు.

గట్టుమీద నాయుడు, చీపురుపల్లి | సెప్టెంబరు 21, ఉదయం 7:05

మేడమ్, వచ్చే ఏటికి అన్నిటినీ తట్టుకునే రకం ఏదైనా చెప్పండి, ఈ గొడవే ఉండదు.

నైర పాతబ్యాచ్, శ్రీకాకుళం | సెప్టెంబరు 21, ఉదయం 8:30

అన్నిటినీ తట్టుకునేది అంటే నేను చెప్పలేను. తట్టుకునే గుణం కూడా దేనికదే. హైదరాబాదులో సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలోకి ఎండాకు తెగులుని ఆపే మూడు జన్యువులు చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదల చేశాయి. ఆ జన్యువుల్లో ఒకటి ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. అవి ఈ బాక్టీరియాని బాగా ఆపుతాయి. అగ్గితెగులు ఫంగస్ వస్తే మాత్రం ఆ మూడూ ఉన్నా అడ్డుకోలేవు. మీ నేలలో ఏటా ఏది ఎక్కువగా వస్తుందో ముందు తేల్చుకుని, రాగోలు వాళ్లని అడిగి దానికి తగ్గ రకం ఎంచుకోండి.

పల్లపుచేను, నరసన్నపేట | సెప్టెంబరు 24, రాత్రి 8:20

వారం గడవలేదు కాబట్టి పూర్తిగా చెప్పలేను. కొత్తగా వచ్చిన ఆకుల్లో చారలు కొన్నింటికే ఉన్నాయి, ముందులా అన్నింటికీ లేవు. రాగి మందు ఒక్కసారి కొట్టాం. యూరియా ఆపాం, మా పెదనాన్న మాత్రం తన చేలో కొంచెం వేశారు.

మదుము దగ్గర దుబ్బులు తడితే పచ్చ పురుగులు గెంతాయి, కానీ మరీ ఎక్కువ లేవు. ఒక పక్క నాలుగు వరుసలకి జింకు కొట్టి చూస్తున్నాం, మిగతావి కదపలేదు. బాగా పొట్టివి పీకేసి పూడ్చాం. శాంపిల్ ఇచ్చాను, ఫలితం రాలేదు.

ఒక్కటి మిగిలింది. ఈ చేను నుంచి వచ్చే ఏటికి విత్తనం ఉంచుకోవచ్చా?

నైర పాతబ్యాచ్, శ్రీకాకుళం | సెప్టెంబరు 24, రాత్రి 9:05

ఇక్కడ కూడా మూడూ మూడు దారులే. అగ్గితెగులు ఫంగస్ విత్తనం మీదా గడ్డిలోనూ బతుకుతుంది, అందుకే విత్తనశుద్ధి. తుంగ్రో విత్తనం ద్వారా రాదు. అది కోత తర్వాత మోడుల నుంచి లేచే పిలకల్లో, గట్టు మీది గడ్డిలో కాచుకుని ఉంటుంది. కాబట్టి మోళ్లు దున్నేయడం దానికి విరుగుడు. ఎండాకు బాక్టీరియా కూడా మోళ్లలో, గట్ల మీద కలుపులో, కాలువ నీళ్లలో మిగిలి ఉంటుంది. విత్తనం ద్వారా ఎంతవరకు వస్తుందన్నది మా వాళ్లలోనే వాదన. గింజ పొట్టులో దొరుకుతుంది, కానీ ఎక్కువ కాలం బతకదని కొందరు అంటారు. నేనైతే తెగులు తగిలిన మడి వదిలేసి, తగలని మడిలోంచే విత్తనం తీస్తాను. వచ్చే ఏడు ఉడుపులప్పుడు నారు కొసలు మాత్రం తుంచకండి, తుంచిన ప్రతి కొసా ఈ బాక్టీరియాకి తెరిచిన దారి.

పాతకాపు, ఆమదాలవలస | సెప్టెంబరు 24, రాత్రి 9:30

కొసలు తుంచకపోతే ముదురు నారు గాలికి పడిపోతుంది కదమ్మా. మా వైపు అందరూ తుంచే ఉడుస్తారు.

నైర పాతబ్యాచ్, శ్రీకాకుళం | సెప్టెంబరు 24, రాత్రి 9:45

అందుకే నారు ముదరకముందే ఉడవాలి పెద్దాయనా. కాలువ నీరు ఆలస్యమైన ఏడాది అది మీ చేతిలో ఉండదని తెలుసు. అలాంటప్పుడు కనీసం నారుమడిలో ఈ తెగులు లేదని చూసుకున్నాకే తుంచండి. వాడిపోయిన నారు మొదలుని కోసి, వేళ్లతో నొక్కితే కోసిన చోట పసుపు జిగురు వస్తోందా చూడండి. జిగురు వస్తే బాక్టీరియా, రాకుండా మొదట్లో తొలిచిన రంధ్రం కనబడితే కాండం తొలిచే పురుగు.

పల్లపుచేను, నరసన్నపేట | సెప్టెంబరు 24, రాత్రి 10:10

శాంపిల్ ఫలితం రాగానే ఇక్కడే రాస్తాను. జింకు కొట్టిన వరుసలూ కొట్టని వరుసలూ పక్కపక్కన పెట్టి ఫోటోలు కూడా పెడతాను.